తీసేసిన తొమ్మిది సెకన్లు

మా స్టూడియోలో కత్తెర బాబాయ్ అంటే తెలియనివాళ్లు లేరు. ఆయన గురించి తెలిసినవాళ్లూ లేరు. యాభై దాటిన మనిషి. ఇరవై ఏళ్లకు పైగా పెళ్లి వీడియోలు ఎడిట్ చేసి, ఇప్పుడు మా పాడ్‌కాస్టును చిన్న ముక్కలుగా కోస్తున్నాడు. నేను మైకులు చూస్తాను. రికార్డింగు అయ్యాక ఫైళ్లు తీసుకెళ్లి ఆయన బల్ల మీద పెట్టేది నేనే కాబట్టి, రోజుకు పది మాటలైనా ఆయనతో మాట్లాడేదాన్ని నేనొక్కదాన్నే. మిగతావాళ్లు గుమ్మంలోనే నిలబడి, "అయిందా బాబాయ్?" అని అడిగి వెళ్లిపోతారు.

మెట్ల కింద గది. కిటికీ లేదు. రెండు తెరలు, ఒక కుర్చీ. ఇంకొకరు కూర్చోవాలంటే కెమెరా పెట్టె బోర్లించుకోవాలి. ఇంటి దగ్గరా అంతేనని ఒకసారి నోరు జారి చెప్పాడు. రెండో కుర్చీ కొనలేదట. "వచ్చేదెవరమ్మా, కొని దానికి దుమ్ము దులపడమొకటా?" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

రెండు గంటల సంభాషణ ఆయన చేతికి వస్తుంది. అందులోంచి నిమిషం లోపు ముక్కలు ఆరో ఏడో బయటికి రావాలి. ముందు సాఫ్ట్‌వేర్ మాటలన్నిటినీ అక్షరాల్లోకి దించుతుంది. అది దించింది నమ్మితే కొంప మునుగుతుంది కనుక బాబాయ్ మొత్తం విని దిద్దుతాడు. పనికొచ్చే చోట్ల గుర్తులు పెడతాడు. అడ్డంగా తీసిన బొమ్మను ఫోనుకు సరిపడేలా నిలువుగా కోస్తాడు. మాట్లాడే మనిషి పక్కకు వాలితే ముఖం అంచు దాటకుండా చట్రాన్ని వెంట జరుపుతాడు. తర్వాత అక్షరాలు. ఒకసారికి రెండు మూడు మాటలు, అవీ మరీ కిందికి పెట్టకూడదు, అక్కడ ఫోనులో పేరూ వివరాలూ వచ్చి కప్పేస్తాయి. ఫాంటు నప్పకపోతే ఒత్తులు ఊడి పక్కన పడతాయి. అన్నీ సరిచూసుకుని అక్షరాలను బొమ్మలోనే ముద్రించేస్తాడు. ఆ తర్వాత వాటిని ఆపడానికీ లేదు, మార్చడానికీ లేదు. జనం బస్సుల్లో, ఆఫీసుల్లో శబ్దం ఆపేసి చూస్తారు కనుక వాళ్లకు అందేది ఆ అక్షరాలే.

ఇక మా బాస్. వెనకాల ఆయన్ని మూడు సెకన్ల సార్ అంటాం. మొదటి మూడు సెకన్లలో వేలు ఆగకపోతే చూసేవాడు జారిపోతాడని రోజుకు ముప్పైసార్లు చెబుతాడు. మాటల మధ్య ఖాళీ ఉండకూడదు. ముక్క నలభై అయిదు సెకన్లు దాటకూడదు. మౌనం ఎక్కడుంటే అక్కడ కోసేసే మీట ఒకటుంది సాఫ్ట్‌వేర్‌లో. మా సార్‌కు దాని మీద ఉన్న ప్రేమ కన్నబిడ్డల మీద కూడా ఉండదనుకుంటాను.

బాబాయ్‌కు ఒక కూతురుంది. ఆరేళ్లుగా మాటల్లేవు. తల్లికి ఆపరేషన్ జరిగిన రోజు ఆ పిల్ల ఫోన్ చేసింది. అప్పుడు బాబాయ్ ఒక పెళ్లి వీడియో ఇచ్చే తొందరలో ఉన్నాడు. "రెండర్ అవుతోందమ్మా, అయిపోగానే బయల్దేరతా" అన్నాడు. కోసిన ముక్కలన్నీ కలిపి కంప్యూటరు వీడియోగా తయారుచేసే ఆ పని మధ్యలో ఆగిపోయి మళ్లీ మొదలెట్టాల్సి వచ్చింది. వెళ్లేసరికి మర్నాడు పొద్దున్న. తల్లి బతికింది, కానీ తల్లీకూతుళ్లు ఇద్దరూ ఆయన్ని వదిలేసి వేరే ఊరు వెళ్లిపోయారు. ఇది నాకు ఆయన ఒకేసారి, ముక్కలుగా కాకుండా చెప్పాడు.

ఆ కూతురు మా పాడ్‌కాస్ట్ చూస్తుంది. ముక్కలు కోసేది తండ్రి అని తెలియదు, ఆయన పేరు ఎక్కడా పడదు. స్టూడియో ఖాతా తెరిచి, లైకుల జాబితాలో కూతురి పేరు కొట్టి వెతకడం ఆయన పొద్దున్నే చేసే మొదటి పని. కొన్నిటికి ఉంటుంది, కొన్నిటికి ఉండదు. ఉన్న రోజు టీ నాకు కూడా తెప్పిస్తాడు.

మొన్న వర్షాలప్పుడు ఈత నేర్పే కోచ్ ఒకామె అతిథిగా వచ్చింది. నలభై ఏళ్లుంటాయి, మాట సూటిగా ఉంటుంది. గంటంబావు గడిచాక తండ్రి మాట వచ్చింది. తాగి వచ్చి, ఆమె పతకాలను మురిక్కాలవలో పారేసిన మనిషి. "మా నాన్నను నేను క్షమించలేదు. క్షమించను కూడా," అంది. తర్వాత ఆగిపోయింది. హెడ్‌ఫోన్లలో ఆమె ఊపిరి తప్ప నాకేమీ వినబడలేదు. తొమ్మిది సెకన్లు. అప్పుడు మెల్లగా అంది: "ఇప్పుడు నా దగ్గరే ఉన్నాడు. చేతులు వణుకుతాయి, చొక్కా గుండీలు పెట్టుకోలేడు. రోజూ పొద్దున్నే నేనే పెడతాను. అది క్షమాపణ కాదేమో. నాకు తెలీదు. చెయ్యి మాత్రం దానంతటదే వెళ్తుంది."

బాబాయ్ ముక్కను "క్షమించను కూడా" దగ్గర ఆపాడు. మిగతాది కలిపితే నలభై అయిదు దాటుతుంది. ఆ మాటనే ముందుకు తెచ్చి మొదటి మూడు సెకన్లలో పెట్టాడు, పసుపు రంగులో, పెద్దగా. పని తెలిసినవాడు, నియమం ప్రకారమే కోశాడు. రెండు రోజుల్లో మూడు లక్షల మంది చూశారు. సార్ నేల మీద నిలవలేదు.

మూడో రోజు పొద్దున్న బాబాయ్ నన్ను పిలిచి తెర చూపించాడు. ఆ ముక్క కింద వేల కామెంట్ల మధ్య కూతురి కామెంట్. ఎన్నడూ ఒక్క మాట రాయని పిల్ల.

"నేనూ అంతే. అమ్మను లోపలికి తీసుకెళ్లాక ఒక్కదాన్నే బెంచీ మీద కూర్చున్నాను. ఇప్పటికీ అక్కడే కూర్చున్నట్టుంటుంది."

"బాబాయ్..." అన్నాను.

"రాసింది చూశావా," అన్నాడు. తిట్టించుకున్నవాడి గొంతు కాదది. ఆరేళ్ల తర్వాత బిడ్డ గొంతు విన్నవాడి గొంతు. ఆ రోజు ఆయన ఆ కామెంటును ఎన్నిసార్లు చదివాడో లెక్కలేదు. నేను వెళ్లినప్పుడల్లా తెర మీద అదే ఉంది.

మర్నాడు మధ్యాహ్నం కోచ్ వచ్చింది. గొడుగు మూయకుండానే సార్ గదిలోకి వెళ్లింది. మమ్మల్నిద్దరినీ పిలిపించారు.

"మా నాన్నకు చెవులు సరిగా వినబడవు," అంది. "పక్కింటాయన ఫోనులో చూపించాడు. అక్షరాలు చదువుకున్నాడు. అప్పట్నుంచి నన్ను దగ్గరికి రానివ్వట్లేదు. గుండీలు పెట్టబోతే చెయ్యి తోసేశాడు. ఈ పొద్దున అరగంట తంటాలు పడి ఒక్కటి పెట్టుకున్నాడు, అదీ తప్పు రంధ్రంలో. నేనన్నదంతా ఎందుకు పెట్టలేదు మీరు?"

సార్ వెంటనే చేతులు జోడించేశాడు. "అయ్యో మేడమ్, రెండో భాగం పెట్టేద్దాం. మొత్తం ఎపిసోడ్ లింకు కామెంట్లలో పైన పెడతాం."

"ఆయన కామెంట్లు చదవడు. బొమ్మ మీదున్నదే చదువుతాడు. అది అలాగే తిరుగుతుంటే రేపు ఇంకొకరు చూపిస్తారు."

"అక్షరాలు మారిస్తే చాలదా బాబాయ్?" అని సార్ ఇటు తిరిగాడు.

"అచ్చయిపోయాయి. పెట్టిన వీడియోను తీసి అదే చోట ఇంకోటి పెట్టడం కుదరదు," అన్నాడు బాబాయ్. "తీసేసి కొత్తది పెట్టాల్సిందే."

"తీసేస్తే లైకులూ కామెంట్లూ అన్నీ పోతాయి!"

"పోతాయి," అన్నాడు బాబాయ్.

సార్‌కు పోయేది మూడు లక్షల అంకె. ఈయనకు పోయేది నాకు తెలుసు. రెండో భాగంతో సరిపెట్టేద్దామని నేనే అనబోయాను, సిగ్గులేకుండా. కోచ్ ఎదురుగా నిలబడి ఉంది, గొడుగు నుంచి నీళ్లు కారుతున్నాయి. ఆమె ముఖం చూసి నోరు మూసుకున్నాను.

సార్ ఆలోచించి చెబుతానన్నాడు. బాబాయ్ ఆగలేదు. కోచ్‌ను మెట్ల కింద గదిలోకి తీసుకెళ్లి తన కుర్చీలో కూర్చోబెట్టాడు. ఖాతా తెరిచాడు. ఆ వీడియో తొలగించాలా అని అది అడిగింది, ఆయన అవునన్నాడు. మళ్లీ ఒకసారి అడిగింది. మళ్లీ అవునన్నాడు. పేజీలో అది ఉన్న చోటికి పక్కది జరిగింది.

తర్వాత పెట్టె మీద కూర్చుని కొత్త ముక్క కోశాడు. మౌనాన్ని కోసే మీట ఆపేశాడు. తొమ్మిది సెకన్లూ ఉంచేశాడు. ఆ తొమ్మిది సెకన్లు తెర మీద అక్షరమే లేదు, ఆమె ముఖం ఒక్కటే. చివరి మాటలకు అక్షరాలు ఇంకాస్త పెద్దవి చేసి, చదవడానికి తీరిక ఉండేలా ఎక్కువసేపు నిలిపాడు. నిమిషం ఇరవై సెకన్లు వచ్చింది.

"ఇలాగైతే చదవగలరా?" అని అడిగాడు.

కోచ్ తల ఊపింది. బాబాయ్ దాన్ని ఖాతాలో పెట్టాడు. ఆమె ముక్కను తన ఫోనులో వేయించుకుని వెళ్లిపోయింది. రెండు రోజుల తర్వాత ఆమె నుంచి కబురొచ్చింది: "చూశాడు. ఏమీ అనలేదు. పొద్దున గుండీలు పెట్టించుకున్నాడు." సార్ మాత్రం వారం రోజులు బాబాయ్‌తో మాట్లాడలేదు. పెద్ద తేడా ఏముంది, అంతకుముందు మాట్లాడింది ఎంత గనక!

వీడియో తీసేసిన ఆ సాయంత్రం, కోచ్ వెళ్లాక నేను ఉండబట్టలేక అడిగాను. "కామెంటును ఫోటో తీసి పెట్టుకున్నావా?"

"లేదు."

"మతి పోయిందా బాబాయ్ నీకు? ఆరేళ్లకు దొరికిన మాట!"

"అది నాకు రాసింది కాదమ్మా," అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. ఆయనకు రాలేదు. తెర ఆపేసి, తన ఫోను తీసి, కూతురి నంబరు వెతికాడు. పాత నంబరు, పని చేస్తుందో లేదో తెలియదు. చాలాసేపు కొట్టి, చెరిపి, కొట్టి, చివరికి నాకు చూపించాడు. "ఆ రోజు పని వదిలేసి రావాల్సింది. రాలేదు. తప్పు నాదే. నాన్న." బెంచీ మాట ఎత్తలేదు. ఆమె ఎక్కడో ఎవరికో చెప్పుకున్నది తను చదివానని తెలిస్తే మా పాడ్‌కాస్టును కూడా వదిలేసి పోతుందని ఆయన భయం.

పంపాడు. కాసేపటికి చదివినట్టు గుర్తు పడింది.

నాలుగు నెలలైంది. జవాబు రాలేదు. లైకుల జాబితాలో వెతకడం ఆయన మానేశాడు. ఎందుకని అడిగితే, "చెప్పాల్సింది చెప్పేశానుగా, ఇక దొంగచాటుగా చూడటమెందుకు?" అన్నాడు. ఇప్పుడు ఆమె చూస్తోందో లేదో కూడా ఆయనకు తెలియదు.