ఎగ్జాస్ట్ బ్రేకు పైపులో నేను బిగించిన బోల్టు

గిద్దలూరులో నా షెడ్డుకు వచ్చే లారీ డ్రైవర్లకు నా చేతి మీద మంచి గురి. ఎక్కడా తేలని రోగం ఇక్కడ తేలుతుందని అంటారు. ఆ పొగడ్త వింటే నాకిప్పుడు ఒళ్ళు మండుతుంది. ఆ చేత్తోనే నేను ఎన్ని బళ్ళకు ఎగ్జాస్ట్ బ్రేకు చంపేశానో లెక్క లేదు. ఒక్క బండి సంగతి మాత్రం మరవలేను. దాన్ని నా తమ్ముడు నడిపాడు.

ఎగ్జాస్ట్ బ్రేకంటే పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. ఇంజను నుంచి పొగ బయటికి పోయే గొట్టంలో తలుపులాంటి చిన్న రేకు ఉంటుంది. డ్రైవరు స్విచ్ వేసి, ఆక్సిలరేటర్ మీద కాలు తీయగానే, సన్నటి పైపులో గాలి వచ్చి ఆ రేకును మూస్తుంది. పొగకు దారి లేక ఇంజను లోపలే ఒత్తిడి పెరుగుతుంది. పిస్టన్లు దాన్ని నెట్టలేక మొరాయిస్తాయి. బండి గేరులో ఉంటే ఆ మొరాయింపు గేర్‌బాక్సు మీదుగా వెనక చక్రాల దాకా పోయి బండిని వెనక్కు పట్టుకుంటుంది. చిన్న గేరైతే పట్టు ఇంకా ఎక్కువ. ఇంత జరిగినా చక్రాల్లోని బ్రేకు లైనర్లు, చక్రంతో తిరిగే డ్రమ్మును తాకనే తాకవు. అవి చల్లగా, అవసరం వచ్చిన క్షణం కోసం కాచుకుని ఉంటాయి.

అది లేకపోతే ఘాట్ రోడ్డులో భారమంతా కాలి బ్రేకు మీద పడుతుంది. లైనరు డ్రమ్మును రాసుకుంటుంది, వేడెక్కుతుంది. రెండు మలుపులకు ఏమీ కాదు. మైళ్ళ తరబడి తొక్కుతూ దిగితే లైనరు కాలి పట్టు తప్పుతుంది, డ్రమ్ము వేడికి సాగి లైనరుకు అందకుండా పోతుంది. మాటిమాటికీ తొక్కితే ఆ బ్రేకును నడిపే గాలి కూడా ట్యాంకులో తగ్గుతుంది. తిరుపతి పోయే పెద్ద ఏసీ బస్సుల్లో రిటార్డర్ అని ఇంకొకటి ఉంటుంది. కొన్నిట్లో ఆయిలు, కొన్నిట్లో కరెంటు అయస్కాంతం తిరిగే షాఫ్టును పట్టి నెమ్మది చేస్తుంది. దానికీ లైనర్లతో పని లేదు. మా పాత లారీలకు అంత భాగ్యం ఎక్కడిది? ఆ పొగ గొట్టంలోని రేకే దిక్కు.

ఆ రేకును చంపడం మా దగ్గర మామూలు పని. మసి పట్టి అది సగం మూసుకుని ఇరుక్కుంటుంది. బండికి పికప్ ఉండదు, నల్లపొగ కక్కుతుంది, డీజిలు తాగుతుంది. మసి గీకితే కదులుతుంది కానీ వారంలో మళ్ళీ ఇరుక్కుంటుంది; కొత్తది తెప్పించి వేయాలంటే రెండు మూడు రోజులు బండి నిలబడాలి. అందుకని మసి గీకి, రేకును తెరిచి, గాలి పైపు ఊడదీసి, దాని మూతికి ఒక బోల్టు బిగిస్తాము. ఇక గాలి అందక రేకు ఎన్నటికీ మూసుకోదు. స్విచ్ వైర్లు మాత్రం కదిలించము. ఓనర్లు వచ్చి స్విచ్ వేసి డాష్‌బోర్డులో లైటు వెలిగిందా లేదా అని చూస్తారు. లైటు వెలిగితే చాలు, వాళ్ళకు తృప్తి. ఆ లైటు చెప్పేది స్విచ్ వేశారని మాత్రమే, బ్రేకు పడిందని కాదు. ఈ దొంగపనిని మేము తెలివి అనుకున్నాము.

మా అక్క మొగుడు, అంటే మా బావ, నడిపే లారీకి కూడా అట్లాగే బోల్టు బిగించాను. బావకు చెప్పే చేశాను. ఆయన ముప్పై ఏళ్ళ డ్రైవరు. నంద్యాల వైపు నుంచి మార్కాపురానికి నాపరాళ్ళు వేసుకుని నల్లమల ఘాట్ దిగేటప్పుడు పైనే చిన్న గేరులో పెట్టి, నడకకు కాస్త ఎక్కువ వేగంతో దిగేవాడు. ఆయన చేతిలో బండి ఎన్నడూ మాట తప్పలేదు. పది రోజుల్లో కొత్తది వేద్దామనుకున్నాం. పది రోజులు రెండు నెలలయ్యాయి.

ఒకరోజు మధ్యాహ్నం బావ ఎవరి బండి వెనకో కూర్చుని షెడ్డుకు వచ్చాడు. నడుం పట్టుకుపోయిందట, వంగి నడుస్తున్నాడు.

"లారీ ఏది బావా?" అన్నాను.

"నీ తమ్ముడు తెస్తాండాడులే. నిన్న నడుం పట్టేసింది, వాన్ని పంపించినా. లోడు ఎత్తుకొని బయలుదేరినానని ఫోన్ చేసినాడు."

చేతిలో స్పానరు జేబులో పెట్టుకుని లేచాను. "బోల్టు సంగతి వానికి చెప్పినావా?"

"నేనేంది చెప్పేది? ఒకింట్లో ఉంటిరి, నువ్వు చెప్పింటావనుకున్నా."

వాడూ నేనూ ఒకే కంచంలో తిన్నంత దగ్గర. పొద్దున్నే బస్టాండులో దింపింది నేనే. ఏ బండి ఎక్కుతున్నావని అడగను కూడా అడగలేదు. వాడు నేర్చుకున్నది కొత్త లారీల మీద. ఎగ్జాస్ట్ బ్రేకును నమ్ముకుని దిగడం వాడికి అలవాటు. లైటు వెలిగితే వాడు నమ్ముతాడు.

ఫోన్ చేశాను. అందుబాటులో లేడంది. మళ్ళీ చేశాను. సిగ్నలు లేని అడవిలోకి వచ్చేశాడన్నమాట. మోటార్‌సైకిల్ తీసి, ఘాట్ కింద ఉన్న దిగువమెట్ట వైపు తోలాను. ఎదురొచ్చే ప్రతి లారీలో వాడి మొహం వెతుక్కున్నాను. దేవుడా, టైరు పంక్చరు కానీ, డీజిలు అయిపోనీ, పైనే ఎక్కడో ఆగిపోయేటట్టు చెయ్యి అని మొక్కుకున్నాను. నా జీవితంలో ఒక బండి చెడిపోవాలని కోరుకున్నది ఆ ఒక్కసారే. ఘాట్ దిగి ఎదురొచ్చిన ఒక లారీ డ్రైవరును ఆపి అడిగితే, "నాపరాళ్ళ బండి పై మలుపుల్లో నా వెనక దిగుతాందన్నా, చక్రాల్లో పొగ వస్తాంది, హారన్ కొట్టుకుంటా వస్తాండాడు" అన్నాడు. నేను ఇంకా వేగంగా పైకి తోలాను.

కనిపించేలోపే వాసన వచ్చింది, లైనర్లు కాలిన వాసన. రెండు మలుపుల తర్వాత బండి కనబడింది. లోయ వైపు పోకుండా వాడు స్టీరింగు కొండ వైపుకు తిప్పేశాడు. ముందు క్యాబిన్ రాతికట్టకు గుద్దుకుని నలిగింది. నాపరాళ్ళు రోడ్డు నిండా పగిలి పడ్డాయి. ఇంకా ఎవరూ రాలేదు. వాడు తలుపులోంచి కిందపడి, రోడ్డు పక్క గడ్డిలో ఒక కాలు అడ్డదిడ్డంగా పెట్టుకుని పడి ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. బతికి ఉన్నాడు.

ఆ తర్వాత నేను చేసినది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. వాడు బతికి ఉన్నాడని తెలియగానే నాకు భయం పట్టుకుంది. కేసవుతుంది, బ్రేకు ఇన్‌స్పెక్టర్ వస్తాడు, బోల్టు చూస్తాడు, నా షెడ్డు, బావ ఉద్యోగం, అక్క బిడ్డలు. ఇవన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందు తిరిగాయి. లారీ కిందికి దూరాను. సెగలు కక్కుతున్న ఎగ్జాస్ట్ గొట్టం మీద చెయ్యి కాలుతున్నా జేబులోని స్పానరుతో బోల్టు ఊడదీసి, గాలి పైపు దాని చోట బిగించాను. బోల్టును అడవిలోకి విసిరేశాను. అప్పుడు వాడి దగ్గరకు పోయాను.

"లైటు వెలిగింది అన్నా, ప్రమాణంగా చెబుతాండా, స్విచ్ వేసినా, లైటు వెలిగింది. బండి మాత్రం పట్టుకోలే. గేరు తగ్గిద్దామని లాగితే పడలే, న్యూట్రల్లో ఉండిపోయింది" అని ఏడ్చాడు. వాడి తల ఒళ్ళో పెట్టుకుని, ఏమీ కాదులేరా నాయనా అన్నాను.

వాడు చెప్పినదంతా నిజమే. అంత వేగంలో గేరు పడదు. ఒకసారి ఊడాక మళ్ళీ ఏ గేరూ పడదు. కానీ ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసినప్పుడు గేరు న్యూట్రల్లో ఉంది. ఇంజను స్టార్ట్ చేయించి, గాలి నిండాక స్విచ్ వేయించాడు. రేకు సుబ్బరంగా మూసుకుంది, ఇంజను గొంతు నొక్కినట్టు మూలిగింది. "బ్రేకు బాగానే ఉండాది. డీజిలు మిగిలించుకోవాలని న్యూట్రల్లో దిగినాడు" అన్నాడు. బావ తల దించుకున్నాడు. నేను కాలిన చెయ్యి జేబులో పెట్టుకుని నిలబడ్డాను. తమ్ముడి లైసెన్సు పోయింది. కాలిలో రాడ్ వేశారు. మార్కాపురం నుంచి గిద్దలూరు దాకా ఏ ఓనరూ వాడికి మళ్ళీ స్టీరింగు ఇవ్వలేదు. న్యూట్రల్ డ్రైవరు అని పేరు పడింది. వాడు టీ దుకాణాల్లో కూడా లైటు వెలిగింది లైటు వెలిగింది అని చెప్పుకుని, చెప్పుకుని, ఒకరోజు చెప్పడం మానేశాడు.

ఇప్పుడు నా షెడ్డులోనే టైర్లకు గాలి కొడుతున్నాడు. నేనే తెచ్చి పెట్టుకున్నాను. ఊళ్ళో వాళ్ళు, ఎంత మంచి అన్న అంటారు.

మొన్న బేస్తవారిపేట నుంచి వచ్చిన డ్రైవరు ఒకాయన, ఎగ్జాస్ట్ బ్రేకు ఇరుక్కుంది, బోల్టు బిగించి పంపించమన్నాడు. నేను కుదరదన్నాను. ఆయన బతిమాలాడు, నేను అరిచాను, ఆయన తిట్టుకుంటూ పోయాడు. తమ్ముడు గాలి పైపు చుట్టి పెట్టి, కుంటుకుంటూ వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"ఎందుకన్నా అట్ల అరుస్తావు? ఆ పనేందో నాకు తెలీదా?" అన్నాడు.

నేను గుడ్డ తీసుకుని చేతి గ్రీజు తుడుచుకున్నాను.

"నువ్వు బోల్టు బిగించినందుకు నాకేం బాధ లేదు. అందరూ చేసేదే. చెప్పడం మర్చిపోయినావు, అది కూడా సరే. ఆరోజు బండి దిగి నువ్వు నన్ను చూసినావు. నేను అన్నా అని పిలిచినా. రెండుసార్లు పిలిచినా. నువ్వు లారీ కిందికి దూరినావు."

నాకు వినపడలేదురా అన్నాను. వాడు తల ఊపి, గాలి కొట్టడానికి లేచి పోయాడు. ఆరోజు నేను పోయేసరికే లారీ ఇంజను ఆగిపోయి ఉంది. రోడ్డు మీద ఇంకో బండి లేదు. ఆ రెండు పిలుపులూ నాకు వినపడ్డాయి.