ఆషాఢం ముందు పాలు

జర్మనీలో ఉద్యోగం ఖాయమైందని నేను మొదట చెప్పింది మా ఇంటి ఓనరుగారికి. అమ్మానాన్నలకు కూడా తర్వాతే. అభిమానం కొద్దీ కాదు, అగ్రిమెంటు కొద్దీ. ఉగాది వెళ్ళగానే పదకొండు నెలలకు కొత్తగా కాగితం రాసుకున్నాం. ఆరు నెలలు నిండకుండా ఖాళీ చేస్తే అడ్వాన్సు వెనక్కి ఇవ్వరని అందులో ఒక ముక్క ఉంది. నా ఫైలు ఇంకో ఏడాదికి గానీ కదలదని ఏజెన్సీ వాళ్ళు చెప్పబట్టి, ధీమాగా సంతకం పెట్టాను. వేసవి దాటకుండానే వీసా వచ్చి కూర్చుంది.

ఓనరుగారు కింద వాటాలో ఒక్కరే ఉంటారు. నేను పై వాటా. బెజవాడలో ఏలూరు కాలువకు దగ్గరగా, రెండు ఆటోలు ఎదురైతే ఒకటి వెనక్కి పోవాల్సిన సందులో ఇల్లు. నేను ఆవిడని పిన్నిగారూ అనేదాన్ని. ఆవిడ నన్ను నర్సమ్మా అనేవారు. బీపీ చూసినప్పుడల్లా ఒక కాఫీ వచ్చేది. ఎక్కువున్న రోజు చక్కెర తక్కువగా వచ్చేది, అలిగేవారు.

పూతరేకుల పెట్టె చేతిలో పెట్టి విషయం చెప్పాను. ఆవిడ పెట్టె పక్కన పెట్టారు.

"అయితే రోజూ పొద్దున్నే పైన గట్టిగా చదివేది జర్మనీ భాషా?"

"అవునండీ. క్లాసులు."

"మీ చర్చి ప్రార్థన అనుకున్నానమ్మా. పాపం ఈ పిల్లకి ఏం కష్టమొచ్చిందో అని నేనూ కింద దణ్ణం పెట్టుకునేదాన్ని."

నాకు వీసా అంత త్వరగా ఎందుకొచ్చిందో అప్పుడు అర్థమైంది.

సంతోషించారు. ఆ తర్వాత, కాగితాల సంగతి నాకు తెలీదమ్మా, తమ్ముడు వస్తాడు అన్నారు. ఆయన మంగళగిరిలో చీరల వ్యాపారి. అక్కగారి ఇంటి వ్యవహారాలన్నీ ఆయనే చూస్తారు, ఆవిడ అడిగినా అడగకపోయినా. ఆదివారం మధ్యాహ్నం వచ్చి, కళ్ళజోడు పెట్టుకుని, తనే రాయించిన అగ్రిమెంటుని కొత్తగా చూస్తున్నట్టు చదివారు.

"ఆరు నెలలు నిండలేదమ్మా."

"నిండలేదు బాబాయిగారూ. అందుకే నా బదులు మనిషిని నేనే చూపిస్తానంటున్నా. మీ ఇల్లు ఒక్క రోజు ఖాళీగా ఉండదు. కొత్త అగ్రిమెంటు ఆవిడ పేరున రాసుకోండి, నాది రద్దు చేసి అడ్వాన్సు ఇచ్చేయండి."

ఆయన క్యాలెండరు దగ్గరికి వెళ్ళి ఓ కాగితం పైకెత్తి చూశారు. నా ప్రయాణం సరిగ్గా ఆషాఢం నడుమ పడింది. శూన్యమాసంలో ఎవరు దిగుతారమ్మా కొత్తింట్లో, అన్నారు. మా ఇంట్లో ఆషాఢమంటే బట్టల కొట్లలో డిస్కౌంట్లిచ్చే నెల, అంతే. ఆ నెలలో ఈయన కొట్లో చీరల కోసం జనం తోసుకుంటారు. చీర కొనొచ్చు గానీ ఇల్లు మారకూడదట. ఆ మాట పైకి అనలేదు. అడ్వాన్సు ఆయన చేతిలో ఉంది.

"దానికేముంది, అమావాస్య లోపల మంచిరోజు చూసి పాలు పొంగించుకుంటారు. సామాను నేను వెళ్ళాక తెచ్చుకుంటారు," అన్నాను. హిందువుల ఇళ్ళలో ఇది మామూలే, మా వార్డులో సగం మంది అలాగే ఇల్లు మారారు. ఆయన నన్ను మొదటిసారి కాస్త గౌరవంగా చూశారు.

"సరే. ఫ్యామిలీయేనా?"

"తల్లీ కూతురండీ," అన్నాను. పూర్తిగా నిజమే చెప్పాను.

ఆ తల్లి మా ఆసుపత్రిలో బిల్లింగ్ కౌంటర్లో పనిచేస్తుంది. భర్తతో విడాకులయ్యాయి. పామర్రులో అన్నగారింట్లో ఉంటూ రోజూ బస్సులో వచ్చి వెళ్ళేది. తెల్లారకముందు బయల్దేరితే చీకటి పడ్డాకే ఇంటికి చేరడం. కూతుర్ని మెలకువగా చూసేది సెలవు రోజుల్లోనే. మా ఆసుపత్రి పక్క బడిలో పాపకు నాలుగో తరగతి సీటు ఖాయం చేసుకుంది. బడి తెరిచేశారు. ఇల్లు మాత్రం దొరకలేదు. ఇక ఈ నెలాఖరు దాకా ఆగుతామన్నారు బడివాళ్ళు. దొరక్కపోతే సీటు పోతుంది, మళ్ళీ ఏడాదంతా తల్లి బస్సులో, పిల్ల పామర్రులో.

ఎందుకు దొరకలేదంటే, బెజవాడలో టులెట్ బోర్డు కింద నిలబడి ఒంటరి ఆడది బెల్లు కొట్టి చూస్తే తెలుస్తుంది. మీవారేం చేస్తారు? ఈ ప్రశ్నకి జవాబిచ్చాక, ఇప్పుడే మా బంధువులకి ఇచ్చేశామమ్మా అంటారు. బోర్డు మాత్రం అలాగే వేలాడుతూ ఉంటుంది. ఒకావిడైతే పాపకి బిస్కెట్ ఇచ్చి మరీ పంపించింది.

అందుకే ఆమెకి ముందే చెప్పాను, "అడిగిన దానికే జవాబు చెప్పు. మీవారు అనగానే దుబాయ్ అను, బహ్రెయిన్ అను, ఏదో ఒక దేశం అను" అని. సరేనంది. మర్నాడు సాయంత్రం వచ్చి, బాబాయిగారి ఎదుట కుర్చీలో కూర్చుందో లేదో, "నమస్కారమండీ, నాకు విడాకులయ్యాయండీ" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. అవతలివాళ్ళు తలుపు తీయకముందే తనే తాళం వేసుకున్న మనిషిని అక్కడే చూశాను.

బాబాయిగారు గొంతు సవరించుకున్నారు. "అబ్బే, మాకేం పట్టింపుల్లేవమ్మా. కాకపోతే పాలు పొంగించాలి కదా. దంపతులు పొంగించాలి. ఇంటికి మంచిది. మీకు... ఆ వీలు లేదు."

"నాకూ మొగుడు లేడుగా బాబాయిగారూ! నాకెలా ఇచ్చారు?" అన్నాను.

"నీది వేరు. నీకింకా పెళ్ళి కాలేదు. పైగా మీలో ఈ పాలూ అవీ ఉండవు."

అంటే కాకపోతే తప్పు లేదు, అయ్యి పోతేనే తప్పు. పరీక్షకే వెళ్ళని దాన్ని వదిలేసి, వెళ్ళి తప్పినదాన్ని కొడుతున్నారు. ఈ ముక్క మాత్రం పైకే అనేశాను. మా ఆమె నా మోచేయి గిల్లింది. చెయ్యాల్సిందంతా చేసి నన్ను గిల్లుతుందేమిటి!

"మరేం ఫరవాలేదండీ, వస్తామండీ," అని ఆమె లేచింది. ఆ మాట ఎన్ని ఇళ్ళల్లో అన్నదో, నోరు దానంతటదే అనేస్తోంది. నేను వెళ్ళిపోతాను, ఈమె రేపు మళ్ళీ అదే బస్సెక్కుతుంది.

అప్పటిదాకా పిన్నిగారు తలుపు దగ్గర నిలబడి కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉన్నారు. ఉన్నట్టుండి అడిగారు, "ఒరే, ఈ ఇంటికి పాలెవరు పొంగించారు?"

"ఏ ఇంటికక్కా?"

"ఈ ఇంటికే."

"నేనూ, మీ మరదలూ. నువ్వేగా పీటల మీద కూర్చోమన్నావు!"

"నేను కూర్చోమన్లేదు. అమ్మ అంది. అప్పుడు నేనెక్కడున్నాను?"

బాబాయిగారు కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టారు. ఆవిడ మా వైపు తిరిగారు.

"పక్కింట్లో కూర్చోబెట్టారమ్మా. మా ఆయన పోయాక చీరలు మూటగట్టుకుని ఇల్లిల్లూ తిరిగి అమ్మి కట్టుకున్న ఇల్లు ఇది. ఇసక దగ్గర్నించీ నేనే కొన్నా. గృహప్రవేశం నాడు పాలు పొంగేదాకా ఎదురు రావద్దన్నారు. అంతా అయిపోయాక పిలిచారు. పాయసం పెట్టారు. బాగానే ఉంది."

ఆ చివరి రెండు ముక్కలూ ఆవిడ చెప్పిన తీరుకి నాకు ఏడుపొచ్చింది. నేను అంత తేలిగ్గా ఏడ్చే మనిషిని కాదు, ఐసీయూలో పనిచేశాను.

"గురువారం బావుంది. పాపని కూడా తీసుకురామ్మా," అన్నారు పిన్నిగారు.

"మరి పాలెవరు పొంగిస్తారక్కా?" అన్నారు తమ్ముడుగారు.

"ఈ అమ్మాయీ, నేనూ."

గురువారం పొద్దున నా వంటింట్లో నేనే చుట్టాన్నయ్యాను. స్టవ్వు నాది. గిన్నె కొత్తది, దానికి పసుపు రాసి బొట్లు పెట్టారు. పిన్నిగారు పట్టుచీర కట్టారు. బాబాయిగారు రానన్నారు, వచ్చారు. గుమ్మం బయటే నిలబడ్డారు. ఎక్కడ నిలబడాలో తెలియక నేను ఫ్రిజ్‌ని ఆనుకుని నిలబడ్డాను. నా ప్రార్థన నేను చేసుకున్నాను, తెలుగులోనే.

మా ఆమె స్టవ్వు వెలిగించింది, పిన్నిగారు పాలు పోశారు. అందరం గిన్నెలోకే చూస్తున్నాం. మీగడ కట్టింది, పాలు లేచాయి, గిన్నె అంచు దాకా వచ్చాయి. పిన్నిగారు టక్కున మంట తగ్గించేశారు.

"అయ్యో, అలవాటమ్మా!" అని నాలిక్కరుచుకున్నారు.

మళ్ళీ మంట పెంచారు. మళ్ళీ లేచాయి. మళ్ళీ చెయ్యి వెళ్ళిపోయింది. జన్మంతా పాలు పొంగకుండా కాపలా కాసిన చెయ్యి, చెబితే వింటుందా! గుమ్మం దగ్గర్నించి తమ్ముడుగారు "అదిగో, నేను చెప్పలే!" అన్నారు. మూడోసారి నేను వెళ్ళి ఆవిడ మణికట్టు పట్టుకున్నాను. నాడి పరిగెడుతోంది. నేను పట్టుకున్నాననో ఏమో, ఆవిడ చెయ్యి లాక్కోలేదు.

పాలు పొంగాయి. మామూలుగా కాదు. పసుపుని కడుక్కుంటూ స్టవ్వు మీదికి, స్టవ్వు మీంచి తెల్ల టైల్సు గట్టు మీదికి దిగాయి. పాప చప్పట్లు కొట్టింది. ఎవరూ గుడ్డ తీసుకోలేదు. అప్పగించాలని ముందు రోజంతా ఆ గట్టుని తోమిన మనిషిని నేను. నా బాధ ఎవరికీ పట్టలేదు.

మర్నాడే కాగితాలు రాశారు. పాత అగ్రిమెంటు ఇరుపక్షాల ఇష్టంతో రద్దు. కొత్తది మా ఆమె పేరున, ఆధార్ జిరాక్సుతో సహా. బడివాళ్ళకి చిరునామా ఇచ్చేసి వచ్చింది.

నేను బయల్దేరే రోజు బాబాయిగారు అప్పగింతలకి వచ్చారు. కరెంటు మీటరు చూశారు, ఫ్యాన్లన్నీ వేసి చూశారు. గోడకి మేకులు చూసి పెదవి విరిచారు. ఏదైనా పాడైతే అడ్వాన్సులో తగ్గించుకోవాలని అగ్రిమెంటులో ఇంకో ముక్క ఉంది. వంటింట్లో ఆగిపోయారు. టైల్సు సందుల్లో పసుపుగీతలు. నేను సబ్బు పెట్టాను, నిమ్మకాయ రుద్దాను, పాత బ్రష్షు అరగదీశాను. పోలేదు.

"ఇది పోదమ్మా. సందులు తవ్వించి మళ్ళీ తెల్లసిమెంటు పెట్టించాలి. ఈ మరక ఎవరి కింద రాయమంటావు?" అన్నారు.

నేను నోరు తెరిచేలోపు పిన్నిగారు వంటింట్లోకి వచ్చారు. వంగి, గట్టు మీది ఆ గీతల్ని కొంగుతో ఒకసారి తుడిచారు, పోవడానికి కాదు.

"నాది రా," అన్నారు. "నా పేరు రాయి."