సావాకో గీసిన గుంట

మంగలి కూతురు సావాకో జపాన్‌లో సెందాయ్ నగరంలోని ఒక భౌతికశాస్త్ర ప్రయోగశాలలో చేరి నాలుగేళ్ళయింది. మార్చితో ఒప్పందం ముగుస్తుంది. ఆ తర్వాత ఏమిటన్నది ఒక్క గ్రాఫు మీదే ఆధారపడింది. దాన్ని చూసే నగోయా విశ్వవిద్యాలయం వాళ్ళు శాశ్వత ఉద్యోగం ఇస్తామన్నారు.

అతి చల్లటి హీలియం-3 పరమాణువులను, తగిలిన ప్రతిదాన్నీ గుర్తించే ఒక పళ్ళెం మీదికి జారవిడిచి, ఏ రెండు ఎంత దగ్గరగా పడ్డాయో లెక్కపెట్టడం ఆమె పని. పరమాణువులన్నీ ఒక్కలాంటివే. ఇది అక్కడ, అది ఇక్కడ పడిందా, లేక తారుమారై పడ్డాయా అని అడగడానికే వీల్లేదు. రెండు అవకాశాలనూ కలిపి లెక్కగట్టాల్సిందే. హీలియం-3లో రెంటినీ తారుమారు చేస్తే లెక్కలో ప్లస్ గుర్తు మైనస్‌గా మారుతుంది. ఒకే స్థితిలో రెండున్నాయనుకుంటే కూడేదీ తీసేదీ సమానమై సున్నా మిగులుతుంది. ఒకదాన్నొకటి నెట్టుకోవు, అయినా ఒకేచోట చేరవు. హీలియం-4లో గుర్తు మారదు. అవకాశాలు కలిసి బలపడతాయి, దగ్గరి జంటలు రెట్టింపు దాకా పెరుగుతాయి.

ఆమె గ్రాఫులో సున్నా దూరం దగ్గర లోతైన గుంట వచ్చింది. పత్రికకు వ్యాసం పంపింది. "అదే పరికరంలో హీలియం-4 కూడా చూపండి," అని పత్రిక తరఫు పరిశీలకుడు అడిగాడు. గొట్టాలన్నీ శుభ్రం చేయాలంటే నెల పడుతుందని రెండేళ్ళుగా ఆమె వాయిదా వేస్తున్న పని అదే.

"నాలుగు నంబరువి మంచి సరుకులే," అన్నాడు సాంకేతిక నిపుణుడు కజివారా, నెల తర్వాత శుభ్రమైన గొట్టాల్లోకి హీలియం-4 వదలడానికి వాల్వు తిప్పుతూ. "క్యాంటీన్‌లో కూర అన్నం పెట్టే రోజు మనవాళ్ళలా ఎగబడతాయి. మూడు నంబరువాటికే మహా టెక్కు."

"ఎగబడనీ కజివారా సాన్, నా కడుపు చల్లబడుతుంది."

మధ్యాహ్నానికి లెక్క తెర మీదికి వచ్చింది. మిట్ట రావాల్సిన చోట గుంట. అదే వెడల్పు, దాదాపు అదే లోతు.

కజివారా నవ్వు ఆగిపోయింది. "పళ్ళెం... ఒక దెబ్బ తగిలాక కాసేపు మొద్దుబారుతుందేమో."

"వెంటనే పడ్డ రెండోది దానికి కనబడదు." సావాకో తెర మీది గుంటను వేలితో చూపింది. "రెండేళ్ళుగా నేను కొలిచింది పళ్ళెం నిద్రే."

"ఇంకా ఎవరూ చూడలేదమ్మా."

సావాకో ఆ గ్రాఫును కాగితం మీద అచ్చువేసింది. కాగితం పట్టుకుని ప్రయోగశాల అధిపతి ఆచార్యుడు ఇనామురా గదికి వెళ్ళింది. ఆయన దాన్ని పాత గ్రాఫు పక్కన పెట్టి చూశారు.

"ముందే హీలియం-4 నింపమని నేను చెప్పాల్సింది. తొందరపెట్టింది నేనే."

"గుంట చూడగానే మురిసిపోయింది నేను, సెన్సే. కావాల్సిందే కనిపించింది, ఇంక అడగలేదు."

"నగోయాకి కూడా రాయాలి కదా?"

"రాయాలి."

మూడు వాక్యాలు రాసి పంపింది. పావుగంటకే మర్యాదగా జవాబు వచ్చింది: మీ నిజాయితీకి ధన్యవాదాలు, పదవికి మరొకరిని పరిశీలిస్తాం.

తల్లి ఉద్యోగ ధ్రువపత్రం లేనిదే ఏప్రిల్ నుంచి తన పాపకు శిశుపాలన కేంద్రంలో చోటు నిలవదు. ఆ దరఖాస్తులో 'పనిచేసే సంస్థ' అన్న గడి దగ్గర కలం పెట్టింది. ఏమీ రాయలేకపోయింది. ఐదున్నరయింది, పాపను తీసుకురావాలి.