అడగని మాఫీ

కరీంనగర్‌లో ఒక హోటల్ రిసెప్షన్‌లో పనిచేసిన రోజుల్లో, నాకు ఇంగ్లీషు వచ్చన్న పొగరు బాగానే ఉండేది. గ్రానైటు కొనడానికి వచ్చే విదేశీయులకు మెయిళ్లు రాసేది నేనే.

అలా వచ్చిన ఒకాయన పొద్దున గది ఖాళీ చేసి వెళ్లాడు. సాయంత్రం హైదరాబాద్ విమానాశ్రయం నుంచి మెయిలు పెట్టాడు: చేతి గడియారం కనబడటం లేదు, గదిలో మరిచానేమో చూడండి. ఆ గది ఊడ్చింది సుల్తానాబాద్ నుంచి రోజూ బస్సులో వచ్చే అక్క. వెతికితే గడియారం దొరకలేదు. మేనేజర్ ఆమె ముందు తెల్లకాగితం పెట్టి, "నీ చేతితోని రాసియ్యి" అన్నాడు. మా దగ్గర ఏది పోయినా మొదట చేసేది అదే. ఎవరితో రాయించుకుంటే వాళ్లే దొంగలని సగం తేలిపోతుంది.

ఐదో తరగతి చదివిన ఆమె కూడబలుక్కుంటూ పేజీ నింపింది. "నేను తియ్యలే. పొద్దుగాల తువ్వాలలు ఇయ్యవోతే సారు గడియారం మేజోళ్లల్ల చుట్టి పెట్టెల ఉన్న బూట్లల్ల పెడుతుండు. బూట్లల్ల సూడుమనుండ్రి."

విచారణ జరిపామని తెలియాలి కదా, ఆ కాగితం ఫోటో పంపమన్నాడు మేనేజర్. అందులో ఏముందో ఇంగ్లీషులో రాయాల్సింది నేను. కౌంటర్ ముందు పెళ్లివాళ్లు తాళాల కోసం తోసుకుంటున్నారు. "మా పనామె రాసిచ్చిన కాగితం జతచేశాం" అని ఒక్క ముక్క కొట్టి పంపేశాను. ఈ కాలంలో ఫోనే చదివి పెడుతుందిలే అనుకున్నాను. ఒళ్లు బద్ధకానికి ఎన్ని సాకులైనా దొరుకుతాయి.

రెండు రోజులకు జవాబు వచ్చింది. అంత మర్యాదైన మెయిలు మా హోటలుకు అంతకుముందు రాలేదు. "నా ఫోను ఆ చేతిరాతను చదవలేకపోయింది. అయినా ఆమె పశ్చాత్తాపం నాకు అర్థమైంది. మనస్ఫూర్తిగా క్షమిస్తున్నాను. దయచేసి పోలీసుల దాకా వెళ్లకండి. మీ ఆతిథ్యానికి కృతజ్ఞతలు."

కాగితంలో ఉన్నది వివరంగా రాసి మళ్లీ పంపుతానన్నాను. మేనేజర్ ఒప్పుకోలేదు.

"ఆయిననే ఇడిసిపెట్టంగ నీకేం నొప్పి? బూట్లల్ల లేకుంటే గడియారం నువ్వు కొనిస్తవా?"

మెయిలు అచ్చు తీసి, ఆమె కాగితానికి పిన్ను కొట్టి ఫైల్లో పెట్టాడు. ఒప్పుకున్నట్టే లెక్కని ఆమెను పనిలోంచి తీసేశాడు. నేను నోరు మూసుకున్నాను. నా ఉద్యోగం నాకు ముఖ్యమైంది, సిగ్గుపడుతూనే చెబుతున్నాను.

మర్నాడు ఆమె కౌంటర్ దగ్గరికి వచ్చింది.

"సారు ఏం రాసిండు బిడ్డా?"

"మాఫ్ చేసిండక్కా."

"నేనేం జేసిన్నని మాఫ్ జేసిండు?"

నేను తాళాలు సర్దసాగాను. ఆమె మళ్లీ అడిగింది.

"బూట్లల్ల సూసిండటనా?"

నిజం చెబితే నా తప్పు బయటపడుతుంది.

"సూసిండట. లేదట," అన్నాను.



"అయితే నా కండ్లే మోసం జేసినయేమో," అని కొంగుతో ముఖం తుడుచుకుని బస్టాండు వైపు వెళ్లిపోయింది.