వాపు లేని కాలు

రెండేళ్ల మా పాప పార్కులో జారుడుబల్ల మీంచి దిగుతూ కాలు మడతపడి ఏడ్చింది. మర్నాడూ నిలబడలేదు, ఇల్లంతా పాకుతూనే తిరిగింది. వాపు లేదు, కమిలిందీ లేదు. ఎక్స్‌రే అక్కర్లేదని తేల్చేశాను. మా ఆవిడ వినకుండా ఆసుపత్రికి బయల్దేరదీసింది.

డాక్టరమ్మ మొదట బాగున్న కాలు నొక్కి చూసింది. రెండో కాల్లో మోకాలి కింద ఎముక మీద వేలు పెట్టగానే పాప కెవ్వుమంది.

“వాపు లేకపోయినా ఎక్స్‌రే తియ్యాలి. అడుగెయ్యట్లేదు కదా!”

ఎక్స్‌రేలో వెంట్రుకంత పగులు కనిపించింది.

బయటికొచ్చాక మా ఆవిడ అడిగింది: “ప్లాంటులో మీరు సేసే పనేటండీ?”

నాకు తెలిసిన పని ఒక్కటే. పైకి నున్నగా కనిపించే వెల్డింగు అతుకులను నమ్మకుండా ఎక్స్‌రే తీయడం.