మేనేజరు కొట్టేసిన వాక్యం

కొండగట్టులో ఒక కోతి నాకు కొబ్బరిచిప్ప తిరిగిచ్చి క్షమాపణ చెప్పిందని నమ్మించినవాణ్ణి నేను. మా మేనేజరు ముందు మాత్రం ఎందుకూ పనికిరాను.

ఎరువుల దుకాణాల కోసం మా కరీంనగర్ కంపెనీ చేసిన సాఫ్ట్‌వేర్‌ను చూపించే వీడియోకు స్క్రిప్టు నేనే రాశాను. "గడువు దగ్గరపడిన పురుగుమందు డబ్బాలు ఇక్కడ ఎర్రగా కనిపిస్తాయి" అని రాసి, ఆ మాట దగ్గరే తెరమీద ఎర్ర వరుస రావాలని పక్కన గుర్తు పెట్టాను. మేనేజరు దాన్ని కొట్టేసి "రియల్ టైమ్ ఇన్వెంటరీ ఆప్టిమైజేషన్" అని పెట్టాడు.

"నీ కోతలు గిక్కడ నడవయ్ అన్నా, ఇది బిజినెస్" అన్నాడు పైగా.

మేమిద్దరం వెళ్లి చూపిస్తే, హుజూరాబాద్‌లో ఎరువుల దుకాణం నడిపే పెద్దావిడ వీడియో అంతా ఓపిగ్గా చూసింది.

"మంచిగనే ఉన్నది గని, గడువు దాటే మందులు ముందుగాల చెప్తదా?"

"అదే మేడమ్, ఆప్టిమైజేషన్!" అన్నాడు మేనేజరు.

"గదేం మందు బిడ్డా? మా దుకాణంల గది లేదు."

నాకు ఒళ్లు మండింది. జేబులోని పాత స్క్రిప్టు కాగితం తీసి, కొట్టేసిన వాక్యం చదివాను.

"గిదే గావాలె నాకు! అయితే తీసుకుంట. గీ ముక్క వీడియోల ఎందుకు వెట్టలే?"

మేనేజరు నావైపు తిరిగాడు.

"అవునే, ఎందుకు వెట్టలేదన్నా?"

కోతలు కోసేది నేనట!