తలుపు వెనక కాగితంలో ఖాళీ గళ్లు

నేను చదివింది ఐదో తరగతి వరకే. రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే ఏమనుకోకండి. కానీ నా కడుపునొప్పికి పేరు తెలియడానికి నాలుగేళ్లు పట్టింది. ఆ కోపం ఇంకా తగ్గలేదు, అందుకే రాస్తున్నాను.

మాదాపూర్‌లో ఒక పెద్ద ఆఫీసులో నేను హౌస్‌కీపింగ్ చేసేదాన్ని. మూడో అంతస్తులో ఆడవాళ్ల బాత్రూములు నావి. తలుపు వెనక నెలకొక కాగితం అంటిస్తారు. దాని మీద తారీఖులు, గంటలు, గళ్లు. గంటకోసారి కడిగి, ఆ గంట గడిలో సంతకం పెట్టాలి. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు వరకు అదే పని.

నలభై దాటాక నాకు నెలసరి మారిపోయింది. ముందు మూడు రోజులుండేది, ఐదయింది, తర్వాత ఎనిమిదయింది. గడ్డలు గడ్డలుగా పడేది. గంట తిరగకుండానే బట్ట మార్చుకోవాల్సి వచ్చేది. నెలసరికి ఒక రోజు ముందే పొత్తికడుపు బరువెక్కి నడుములోకి గుంజేది. ఆ రోజుల్లో బకెట్టు ఎత్తితే కళ్లు తిరిగేవి. సామాన్ల గదిలో అట్టపెట్టెలు పరుచుకుని పడుకునేదాన్ని. పడుకున్న గంటకు సంతకం పెట్టేదాన్ని కాదు. కడగనిది కడిగానని ఎట్లా పెడతాను?

నాతో పనిచేసే ఆమె నవ్వించాలని చూసేది. అప్పుడు తెలంగాణ కోసం రోజూ ఏదో ఒక ధర్నా, బంద్. "మన రాష్ట్రం వస్తదో రాదో గని, నీకైతే నెల తప్పకుండ వస్తది పో" అనేది. నవ్వితే కడుపు ఇంకా నొప్పి.

చందానగర్‌లో ఒక ప్రైవేటు డాక్టరుకు చూపించుకున్నాను. స్కానింగ్ తీశారు. గర్భసంచి కొంచెం పెద్దగా ఉంది, గడ్డ మాత్రం లేదు, ఈ వయసులో మామూలే అన్నారు. నొప్పి గోలీలు రాసిచ్చారు. మా ఇంట్లో ఆ 'గడ్డ లేదు' అన్న మాట ఒక్కటే పట్టుకున్నారు. గడ్డ లేకపోతే రోగం లేనట్టే.

"ఏం లేదన్నరు గద! ఊకె పరేషాన్ అయితవు, మమ్ముల గూడ చేస్తవు" అన్నాడు మా ఆయన. ఆటో తోలుతాడు. చెడ్డవాడు కాదు. కానీ నెలకు పది రోజులు పక్కనున్న మనిషి మూలుగుతుంటే ఎవరికైనా విసుగొస్తుంది. నాకే నా మీద విసుగొచ్చింది. నిజంగానే వేషాలు వేస్తున్నానేమో అనుకునేదాన్ని.

ఒక రోజు సూపర్‌వైజరు పిలిచాడు. కోస్తా మనిషి. ఆరు నెలల పాత కాగితాలు నా ముందు పడేశాడు.

"ఏంటమ్మా ఈ ఖాళీలు? సోమవారం కంపెనీ వాళ్లు వచ్చి చూస్తారు. నా ఉద్యోగానికే ఎసరు పెట్టేలా ఉన్నావే!"

"ఆ గంటల్ల కడుగలే సార్. కడుపునొప్పి లేసింది."

"కడిగావా లేదా అని ఎవరడిగారమ్మా? సంతకాలు కావాలంతే. అందరూ పొద్దున్నే అన్నీ ఒకేసారి పెట్టేసుకుంటారు. నీకే ఎందుకీ పట్టుదల? ఇంటికి పట్టుకెళ్లి నింపుకురా. లేదంటే సోమవారం నుంచి రావక్కర్లేదు."

ఆ కాగితాలు మడిచి సంచిలో పెట్టుకున్నాను. మర్నాడు బంద్. ఆఫీసుకు సెలవు, దానికి బదులు శనివారం డ్యూటీ. రైళ్లు లేవు, బస్సులు లేవు. మా ఆయన ఆటో తీస్తే అద్దాలు పగులుతాయి. నాకు ఆ పొద్దున రక్తం ఆగడం లేదు. హఫీజ్‌పేట్‌లో మా ఇంటి నుంచి సర్కారు దవాఖానకు ఇద్దరం నడిచే వెళ్లాం. మధ్యలో రెండుసార్లు కూర్చున్నాను. రెండోసారి మా ఆయన నా మొహం చూసి, రెక్క పట్టుకుని లేపి నడిపించాడు.

ఆ దవాఖానకు ముందు రెండుసార్లు వెళ్లాను. అప్పుడు మెట్ల దాకా లైను, మనిషికి రెండు నిమిషాలు. బంద్ రోజు బెంచీలన్నీ ఖాళీ. డాక్టరమ్మ కొంగుకు నల్ల బ్యాడ్జి పెట్టుకుని ఒక్కతే కూర్చుని ఉంది.

"ఎన్నాళ్ల నుంచి? ఏ తారీఖుల అయితవ్? ఎన్ని రోజులుంటది?" అని అడిగింది.

నాకు ఒక్కటీ సరిగ్గా చెప్పడం రాలేదు. "శాన రోజులైంది మేడం" అన్నాను. ఆమె పెన్ను పట్టుకుని చూస్తోంది. అప్పుడు సంచిలో కాగితాలు గుర్తొచ్చాయి. సిగ్గుపడుతూ తీసి ఇచ్చాను. "నొప్పితోని పండుకున్న గంటలు గివే. సంతకం లేదు సూడండి."

ఆమె ఆరు కాగితాలు వరసగా పరిచింది. ఖాళీ గళ్ల మీద వేలు పెట్టి లెక్కపెట్టింది. మొదటి కాగితంలో నాలుగు రోజుల్లో ఖాళీలున్నాయి. చివరిదానిలో తొమ్మిది రోజులు. అన్నీ సుమారు ఇరవై ఆరు రోజులకోసారి మొదలయ్యాయి.

"చదువుకున్నోళ్లు గూడ గింత మంచిగ రాసుకురారమ్మా" అంది.

బల్ల మీద పడుకోబెట్టి, లోపలా పైనా చేతులు పెట్టి చూసింది. గర్భసంచి మీద వత్తగానే అరిచాను. మూడు నెలల కడుపు అంత ఉంది, గుండ్రంగా, అంతటా ఒకే తీరుగా ఉబ్బింది అని చెప్పింది. తనే మళ్లీ లోపలి నుంచి స్కానింగ్ తీసింది.

తర్వాత మమ్మల్నిద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. గర్భసంచికి లోపల ఒక పొర ఉంటుంది. నెలనెలా అదే ఊడి రక్తంతో బయటికి వస్తుంది. నాకు ఆ పొర పక్కనున్న కండ గోడలోకి దిగిపోయింది. నెలసరప్పుడు గోడలో కూడా రక్తం వస్తుంది, కానీ దానికి బయటికి దారి లేదు. అందుకే గోడ వాచి మందమవుతుంది, నొప్పి పెడుతుంది, నెత్తురు ఎక్కువ పోతుంది. పేరు అడినోమయోసిస్. నలభైల్లో, పిల్లలు పుట్టినవాళ్లలో ఎక్కువగా బయటపడుతుంది. క్యాన్సరు కాదు.

"మరి గడ్డ లేదన్నరు గద మేడం?" అన్నాడు మా ఆయన.

"గడ్డైతే ఒక్కదిక్కు ఉంటది, తీసి పడేస్తం. ఇది పిండిల మెంతికూర కలిపినట్టు. రొట్టె అయినంక ఆకు ఏరగలవా? గడ్డ లేకపోతే నొప్పి లేదని ఎవరు చెప్పిన్రు నీకు?"

నాకు ఏడుపొచ్చింది. నాలుగేళ్లలో నా నొప్పిని నొప్పి అన్న మొదటి మనిషి ఆమె.

నెత్తురు తగ్గే గోలీలున్నాయి, కాపర్‌టీ లాగా లోపల పెట్టే మందు ఉంది, నెలసరి పూర్తిగా ఆగిపోయే వయసొస్తే దానంతటదే తగ్గుతుంది, గర్భసంచే తీసేస్తే మాత్రం మళ్లీ రాదు, ఆలోచించుకో అంది. రక్తపరీక్షలో ఏడే వచ్చింది, ముందు రక్తం ఎక్కించాలంది. ఆ ఆరు కాగితాలు నా కేసు కాగితాలకు పిన్ను కొట్టింది.

రక్తం ఎక్కించుకుని శనివారం డ్యూటీకి పోలేదు. సోమవారం సూపర్‌వైజరు కాగితాలడిగాడు.

"దవాఖానల ఉన్నయ్ సార్. డాక్టరమ్మ ఫైల్ల పెట్టింది."

"నింపావా?"

"లేదు సార్. నింపితే నా రోగం దొరకకపోతుండె."

అతను నెత్తిన చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. ఆ రోజే నన్ను మూడో అంతస్తు నుంచి తీసేసి కింద పార్కింగు ఊడవమన్నాడు. జీతం తక్కువ. అడిగితే, పని ఉండటమే ఎక్కువ అన్నాడు.

గోలీలు కొన్ని నెలలు వాడాను. నెత్తురు తగ్గింది కానీ నొప్పి తగ్గలేదు. చివరికి నేనే తీసేయమన్నాను. తీసిన గర్భసంచిని పరీక్షకు పంపితే, డాక్టరమ్మ చెప్పినట్టే గోడలో ఆ పొర కనిపించిందని రాసి వచ్చింది. రెండు నెలలు బరువెత్తకుండా ఇంట్లో ఉన్నాను. తిరిగి పనికి వెళ్లేసరికి పార్కింగులో కూడా నా జాగాలో ఇంకొకామె ఉంది.

ఇప్పుడు వేరే ఆఫీసులో చేస్తున్నాను. అక్కడా తలుపు వెనక అదే కాగితం. నాకు ఇప్పుడు నొప్పి లేదు, ఏ గంటా తప్పడం లేదు. కానీ పై అంతస్తులో చేసే పిల్ల పొద్దున్నే అన్ని గళ్లూ నింపేసి, మధ్యాహ్నం కడుపు పట్టుకుని గోడకు ఆనుకుంటుంది.

"పండుకున్న గంట ఖాళీ ఇడిచిపెట్టు బిడ్డా" అని రోజూ చెప్తున్నాను. భయపడుతోంది. వినడం లేదు.